రోజూ సగం పూటా, వారానికి మూడు రోజులా, జాబ్ షేరా? సెలవు ముగిశాక మేనేజర్‌కు ఏమని రాయాలి

ప్రసూతి సెలవు ఇంకో రెండు నెలల్లో అయిపోతుందనగా చాలామంది మేనేజర్‌కు ఒక మెసేజ్ రాసి, చెరిపేసి, మళ్ళీ రాస్తుంటారు. "కొంచెం ఫ్లెక్సిబుల్‌గా ఉంటే బాగుంటుంది సార్" అని పంపితే "చూద్దాంలేమ్మా" అని జవాబొస్తుంది. ఆ మాట అక్కడే ఆగిపోతుంది. మేనేజర్ చెడ్డవాడై కాదు, దేనికి సరేననాలో ఆయనకు తెలియక. అందుకే ఏం అడగాలో ముందు మీరు తేల్చుకోవాలి, తర్వాతే మెసేజ్. ఇక్కడ మూడు ఏర్పాట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం: రోజూ సగం పూట పని, వారానికి మూడు పూర్తి రోజులు, ఒకే ఉద్యోగాన్ని ఇద్దరు పంచుకునే జాబ్ షేర్.

## జీతం వదులుకోకముందు

మన దేశంలో ప్రైవేటు ఉద్యోగికి పార్ట్‌టైమ్ ఇచ్చి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. మీరు అడగవచ్చు, వాళ్ళు కాదనవచ్చు. కానీ జీతం తగ్గకుండానే చట్టం ఇచ్చినవి కొన్ని ఉన్నాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లల వరకు జీతంతో 26 వారాల సెలవు వచ్చింది. తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజూ రెండు సార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలి. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పని చేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్ళి రావచ్చు. సెలవు తర్వాత కొంతకాలం ఇంటి నుంచి పని చేసే వీలు కూడా చట్టంలో ఉంది. అయితే అది పని స్వభావాన్ని బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటేనే. ఈ ఏర్పాట్లన్నీ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నాయి.

మీ కష్టం పాలివ్వడం, బిడ్డను నమ్మకంగా ఉంచే చోటు మాత్రమే అయితే ముందు వీటిని అడగండి. హక్కుగా వచ్చేదాన్ని సగం జీతం పెట్టి కొనుక్కోకండి. రోజుకు ఎనిమిది గంటలూ బిడ్డకు దూరంగా ఉండలేననిపిస్తేనో, చూసే మనిషి వారమంతా దొరకకపోతేనో పార్ట్‌టైమ్ సంగతి ఆలోచించండి.

ఇంకో దారి కూడా ఉంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. ఖాతాలో 20 ఆర్జిత సెలవులు మిగిలి ఉంటే వారానికి రెండు చొప్పున పది వారాలు వాడుకోవచ్చు. జీతం పూర్తిగా వస్తుంది, కాంట్రాక్టు మారదు. బిడ్డ కొత్త చోటికి అలవాటు పడేదాకా అంతే చాలనుకునేవారికి దీన్ని మించింది లేదు.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

చాలామంది "నాకు ఎన్ని గంటలు కుదురుతాయి" అనే లెక్కతో మొదలుపెడతారు. అది ఇంటి లెక్క. ఆఫీసు లెక్క వేరు: మీ పని ఎలా వచ్చిపడుతుంది? రోజూ కొంచెం కొంచెంగా వస్తుందా, కొన్ని తేదీల్లో కుప్పగా పడుతుందా, లేక ఏ నిమిషాన వస్తుందో తెలియదా? ఏర్పాటు నిలబడేదీ కూలిపోయేదీ దీన్నిబట్టే. కాబట్టి మొదటి కొలమానం ఇదే.

రెండోది, మీరు లేని గంటల్లో పని ఎవరి చేతిలో ఉంటుంది? మేనేజర్ మనసులో ఉండే ప్రశ్న ఇదొక్కటే. మూడోది ప్రయాణం. రెండు గంటలు రోడ్డు మీద గడిపి నాలుగు గంటలు పని చేయడంలో ఏం మిగులుతుందో చూసుకోవాలి. నాలుగోది డబ్బు. ఈ నెల జీతంతో పాటు దానికి ముడిపడి ఉన్నవన్నీ లెక్కలోకి రావాలి.

| | రోజూ సగం పూట | వారానికి మూడు రోజులు | జాబ్ షేర్ |
|---|---|---|---|
| ఏ పనికి నప్పుతుంది | రోజూ సమానంగా వచ్చే పని | తేదీల ప్రకారం వచ్చే పని | ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండి తీరాల్సిన పని |
| మీరు లేనప్పుడు | మధ్యాహ్నం తర్వాత ఆగుతుంది | రెండు రోజులు ఆగుతుంది, లేదా మరొకరు చూడాలి | ఆగదు |
| ప్రయాణం | ఐదు రోజులూ | మూడు రోజులు | మూడు రోజులు |
| ఆఫీసును ఒప్పించడం | తేలిక | మధ్యస్థం | కష్టం, రెండో మనిషి కావాలి |
| ఎక్కడ చెడుతుంది | పని సాయంత్రందాకా సాగుతుంది | సెలవు రోజున ఫోన్లు | అప్పగింత సరిగా జరగదు |

## ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం

హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఏడేళ్ళుగా పని చేస్తున్న ఒకావిడ అనుకుందాం. వారానికి ఐదు రోజులు, 40 గంటల పని. జీతం నెలకు 60,000, అందులో బేసిక్ 30,000. ఇల్లు నిజాంపేట, ఆఫీసు గచ్చిబౌలి. వెళ్ళడానికి గంట, రావడానికి గంట. ఆవిడ చూసేది వెండర్ల బిల్లులు, టీడీఎస్, జీఎస్టీ.

పని ఎలా వస్తుందో చూడండి. టీడీఎస్ కట్టడానికి 7వ తేదీ గడువు, మార్చి నెలది తప్ప. జీఎస్టీ రిటర్నులు నెలనెలా దాఖలు చేసే కంపెనీకి జీఎస్‌టీఆర్-1 గడువు 11, జీఎస్‌టీఆర్-3బీ గడువు 20. నెల చివర ఆ నెల లెక్కలు ముగించే క్లోజింగ్. వీటి మధ్య బిల్లులు రోజూ వస్తాయి కానీ ఒక రోజు ఆగినా కొంప మునగదు. అంటే కుప్పగా పడే పని, దాని తేదీలు ముందే తెలుసు.

రోజూ సగం పూట. ఐదు రోజులు, రోజుకు ఐదు గంటలు. వారానికి 25 గంటల పనికి పది గంటల ప్రయాణం. 7వ తేదీన పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం రెండున్నరకు లేవాలనుకుంటుంది, కానీ చలాన్‌కు కావలసిన చివరి అంకె వేరే విభాగం నుంచి మూడింటికి వస్తుంది. ఇక ఇంట్లో ల్యాప్‌టాప్ తెరవక తప్పదు. కాబట్టి ఈ పనికి సగం పూట సరిపడదు. కానీ పిలుపులకు జవాబులిచ్చే కస్టమర్ సపోర్ట్‌లోనో, ఉదయం క్లాసులు మాత్రమే చెప్పే ట్యూటర్‌గానో ఉంటే ఇదే అన్నిటికన్నా మేలు. షిఫ్టు ముగియగానే పని కూడా ముగుస్తుంది, ఇంటికి తీసుకెళ్ళేదేమీ ఉండదు. ఇంటి దగ్గరే ఆఫీసు ఉన్నవారికీ, బిడ్డ రోజూ ఒకే వేళకు కళ్ళ ముందుండాలనుకునేవారికీ కూడా ఇదే.

మూడు పూర్తి రోజులు. 24 గంటల పనికి ఆరు గంటల ప్రయాణం. సోమ, మంగళ, బుధ అనుకుంటే చిక్కెక్కడ? 7వ తేదీ గురువారం పడ్డ నెలలో. అందుకే ఈ ఏర్పాటు అడిగేటప్పుడు ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: "7, 11, 20 తేదీలు నేను రాని రోజున పడితే ఆ వారం ఒక రోజు మార్చుకుని వస్తాను." మేనేజర్ భయంలో చాలా భాగం ఈ ఒక్క వాక్యంతో పోతుంది. అయితే ఇది రాసేముందు బిడ్డను చూసేవారితో మాట్లాడండి. అమ్మమ్మో నాయనమ్మో ఉంటే రోజు మారడం ఇబ్బంది కాదు. నెల ఫీజు తీసుకునే క్రెష్‌లోనూ చాలావరకు కుదురుతుంది. మిగతా రెండు రోజులు ఇంకో ఇంట్లో పని చేసే ఆయాతో మాత్రం కుదరదు. అలాంటప్పుడు ఈ మాట ఇవ్వకండి. మొదటి నెలలోనే తప్పాల్సి వస్తుంది, ఆ తర్వాత మీరు ఏది అడిగినా నమ్మకం ఉండదు.

ఈ ఏర్పాటులో ఎక్కువగా కనిపించే నష్టం ఒకటుంది. జీతం 60 శాతం అవుతుంది, పని మాత్రం నూటికి నూరు పాళ్ళూ అలాగే ఉంటుంది. దీన్ని ముందే కనిపెట్టవచ్చు. మీరు చూసే పనుల జాబితా రాసి, చేరాక ఏవి మీతో ఉంటాయో, ఏవి వేరేవారికి వెళ్తాయో పక్కన పేరు రాయండి. "వేరేవారికి" అన్న గడిలో ఒక్క పేరూ పడకపోతే మీరు అడుగుతున్నది పార్ట్‌టైమ్ కాదు, జీతం కోత. మన ఉదాహరణలో వెండర్ల బిల్లుల నమోదు జూనియర్‌కు వెళ్ళి, టీడీఎస్, జీఎస్టీ, క్లోజింగ్ ఆవిడ దగ్గర ఉంటే లెక్క సరిపోతుంది.

జాబ్ షేర్. ఇది మన దగ్గర అరుదు, అందుకని అపార్థాలూ ఎక్కువ. ఒకరు బిల్లులు, మరొకరు పన్నులు చూసుకుంటే అది జాబ్ షేర్ కాదు. అవి రెండు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు. ఒకరు లేని రోజున ఆవిడ పని ఆగిపోతుంది. జాబ్ షేర్ అంటే ఉద్యోగం మొత్తానికి ఇద్దరూ జవాబుదారులు. సోమవారం మొదలైన బిల్లు తగాదాను గురువారం రెండో ఆవిడ అక్కడి నుంచే అందుకోవాలి.

రోజులు పంచుకునే పద్ధతులు రెండు. తలా మూడు రోజులు పని చేసి బుధవారం ఇద్దరూ ఉంటే అప్పగింత బాగా జరుగుతుంది, కానీ కంపెనీ ఆరు రోజుల జీతం ఇవ్వాలి, అంటే ఐదో వంతు ఎక్కువ. తలా రెండున్నర రోజులు తీసుకుని బుధవారం మధ్యాహ్నం ఒక గంట కలిసి కూర్చుంటే అదనపు ఖర్చు దాదాపు ఉండదు. మొదటిసారి అడిగేవారు రెండోదే అడగడం మంచిది. అప్పగింతకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు, ఇద్దరూ తెరిచే ఒక షీట్ చాలు. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది: "ప్యాకింగ్ సరుకు బిల్లు. రేటు పర్చేజ్ ఆర్డర్‌తో సరిపోలేదు. పర్చేజ్ వాళ్ళ జవాబు రావాలి. శుక్రవారంలోగా తేలకపోతే వెండర్‌కు ఫోన్ చేయాలి." ఏ పని, ఎక్కడ ఆగింది, ఎవరి జవాబు కోసం, ఎప్పటిలోగా. ఈ నాలుగూ లేని షీట్‌ను చూసి రెండో ఆవిడ ఫోన్ చేయక తప్పదు, మీ సెలవు రోజు పోతుంది.

అకౌంట్స్‌లో ఇంకో జాగ్రత్త కావాలి. ఉద్యోగం ఒకటే కదా అని బ్యాంకు పోర్టల్ లాగిన్ కూడా ఒకటే వాడకూడదు. చెల్లింపు ఎవరు నమోదు చేశారో ఆడిట్‌లో తెలియాలి. ఇద్దరికీ వేరువేరు యూజర్ ఐడీలు అడగండి, ఓటీపీ ఒకరి ఫోన్ నుంచి మరొకరు అడిగి తీసుకునే పరిస్థితి రానీయకండి. చెల్లింపును ఆమోదించే మనిషి ఈ ఇద్దరిలో ఎవరూ కాకుండా చూసుకోవాలి.

కంపెనీ వైపు అడ్డంకి ఖర్చు కన్నా లెక్కింపులో ఎక్కువ ఉంటుంది. ఒక సీటుకు ఇద్దరు మనుషులంటే రెండు బీమాలు, రెండు ల్యాప్‌టాప్‌లు, మంజూరైన సంఖ్యలో రెండు పేర్లు. మేనేజర్ పైవాళ్ళకు సమాధానం చెప్పాలి. కాబట్టి రెండో మనిషి పేరు లేకుండా జాబ్ షేర్ అడగకండి. "ఎవరినైనా వెతకండి" అంటే మీ సమస్యను ఆయన చేతిలో పెట్టినట్టే. అదే విభాగంలో సెలవు నుంచి తిరిగొస్తున్న మరో తల్లో, పెద్దవాళ్ళను చూసుకోవడానికి గంటలు తగ్గించుకోవాలనుకునే సీనియరో ఉంటే ముందు వాళ్ళతో మాట్లాడి, ఇద్దరి పేరుతో ఒకే మెసేజ్ పంపండి.

## డబ్బు దగ్గర ఒక లోతైన గొయ్యి

జీతం 60,000 నుంచి 36,000కు తగ్గడం అందరికీ కనిపిస్తుంది, దాంతో పాటు పీఎఫ్ తగ్గడమూ తెలుస్తుంది. కనిపించనిది గ్రాట్యుటీ. దాని లెక్క చివరగా అందుకున్న జీతం మీద ఉంటుంది: బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 15తో గుణించి, 26తో భాగించి, పనిచేసిన ఏళ్ళతో గుణిస్తారు. మన ఉదాహరణలో 30,000 మీద ఏడేళ్ళకు సుమారు 1,21,154 వస్తుంది. పార్ట్‌టైమ్‌లోకి మారి బేసిక్ 18,000 అయ్యాక ఆవిడ ఉద్యోగం మానేస్తే అదే ఏడేళ్ళకు సుమారు 72,692. ఆ ఏళ్ళన్నీ పూర్తి పని చేసినా దాదాపు 48 వేలు పోతాయి.

త్వరలో ఇంకో బిడ్డ అనుకునేవారూ ఆగి ఆలోచించాలి. ప్రసూతి సెలవులో ఇచ్చే జీతాన్ని సెలవుకు ముందు మూడు నెలల సగటు వేతనం మీద లెక్కిస్తారు. అప్పటికి పార్ట్‌టైమ్‌లో ఉంటే ఆ 26 వారాలూ తక్కువ జీతమే వస్తుంది. ఈ రెండు కారణాల వల్ల, గడువు లేని పార్ట్‌టైమ్ కన్నా తేదీ పెట్టిన ఆరు నెలల పార్ట్‌టైమ్ అడగడమే మంచిదని నా అభిప్రాయం.

## మెసేజ్‌లో ఏముండాలి

తిరిగి చేరే తేదీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు పంపండి. నెలాఖరు క్లోజింగ్ నడుస్తున్నప్పుడు వద్దు. ముందు మేనేజర్‌కే పంపండి. హెచ్‌ఆర్‌ను అప్పుడే కాపీలో పెడితే ఆయన తన మాట కన్నా రూల్ ఏముందో చూస్తారు. ఫోన్ తెర మీద ఒక్క చూపులో అయిపోయేంత పొడవు చాలు. ఇంగ్లీషులో రాసినా వరుస ఇదే: ఏ తేదీ నుంచి, ఏ ఏర్పాటు, పని ఎలా సాగుతుంది, ఎంతకాలం, ఎప్పుడు మాట్లాడుకుందాం.

మూడు రోజుల ఏర్పాటుకు:

> నమస్తే సార్. జూన్ 15న తిరిగి చేరుతున్నాను. మొదటి ఆరు నెలలు వారానికి మూడు పూర్తి రోజులు, సోమ, మంగళ, బుధవారాలు పని చేసే ఏర్పాటు కోరుతున్నాను. టీడీఎస్, జీఎస్టీ, క్లోజింగ్ నేనే చూస్తాను. 7, 11, 20 తేదీలు నేను రాని రోజున పడితే ఆ వారం ఒక రోజు మార్చుకుని వస్తాను. బిల్లుల నమోదు జూనియర్‌కు అప్పగించే పట్టిక జత చేశాను. మూడు నెలలకు ఒకసారి కూర్చుని చూద్దాం, పని ఎక్కడైనా ఆగుతుంటే మార్చుకుందాం. ఈ వారం ఒక ఇరవై నిమిషాలు సమయం ఇవ్వగలరా?

జాబ్ షేర్‌కు:

> నమస్తే సార్. నేనూ, సెప్టెంబరులో సెలవు ముగించుకున్న మన టీమ్ సహోద్యోగీ కలిసి ఒక ప్రతిపాదన పంపుతున్నాం. నా సీటు పనిని ఇద్దరం పంచుకుంటాం. తలా రెండున్నర రోజులు, బుధవారం మధ్యాహ్నం గంటసేపు అప్పగింత. మీకు ఏ రోజైనా ఒకరు అందుబాటులో ఉంటారు, జవాబుదారీ ఇద్దరిదీ. ఒకరు సెలవు పెడితే రెండో వారు ఎన్ని రోజులు అదనంగా రాగలరో, ఒకరు మానేస్తే ఏం చేయాలో ఒక పేజీలో రాశాం. ఆరు నెలల ప్రయోగంగా చూడమని కోరుతున్నాం. ఎప్పుడు కలవవచ్చో చెప్పండి.

సగం పూటకైతే మొదటి మెసేజ్‌లో రోజుల స్థానంలో వేళలు రాసి, "మధ్యాహ్నం తర్వాత వచ్చిన ప్రశ్నలకు మర్నాడు పదింటికల్లా జవాబిస్తాను" అని చేర్చితే చాలు.

ఏం లేదో కూడా గమనించండి. బిడ్డ నిద్ర గురించీ, అత్తగారి ఆరోగ్యం గురించీ లేదు. క్షమాపణ లేదు. "ఏదైనా పర్వాలేదు" అన్న మాట లేదు, ఎందుకంటే అలా అంటే ఎదుటివారు తమకు తేలికైనదే ఇస్తారు. జీతం ఎంత తగ్గించుకుంటారో కూడా లేదు. ఆ అంకె హెచ్‌ఆర్ నుంచి రానివ్వండి, మీరు ముందే చెబితే బేరం అక్కడి నుంచి కిందికే వెళ్తుంది. తండ్రి అడిగినా ఇదే మెసేజ్ పనికొస్తుంది, ఒక్క పదం మార్చక్కర్లేదు.

## బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో పని చేసే తెలుగువారికి లెక్క వేరు. 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే పని వేళలు మార్చమని కోరే హక్కు ఉంది, ఏడాదిలో రెండు సార్లు అడగవచ్చు. అప్పీలుతో సహా రెండు నెలల్లో తేల్చాలి. కాదనే ముందు మీతో మాట్లాడాలి, కాదంటే చట్టంలో ఉన్న కారణాల్లో ఒకటి చూపాలి. అందుకని అక్కడ మెసేజ్‌లో తేదీ, ఇది చట్టబద్ధమైన విన్నపమన్న మాట, కోరుతున్న మార్పు, అది మొదలవ్వాల్సిన రోజు, ఇంతకుముందు అడిగి ఉంటే ఆ తేదీ తప్పకుండా ఉండాలి. స్నేహంగా రాసిన వాట్సాప్ మెసేజ్‌లో ఇవి లేకపోతే ఆ రెండు నెలల గడువు మీకు వర్తించకుండా పోవచ్చు.

## సరే అన్న తర్వాత

మేనేజర్ ఫోన్‌లో "సరేమ్మా, మూడు నెలలు చూద్దాం" అంటే ఆ సాయంత్రమే రెండు లైన్లు రాసి పంపండి: మనం అనుకున్నది ఇదీ, ఈ తేదీ నుంచి, హెచ్‌ఆర్ లెటర్ కోసం ఎదురుచూస్తాను. లెటర్ వచ్చాక సంతకం పెట్టేముందు అందులో ఐదు సంగతులు వెతకండి: పని రోజులు లేదా వేళలు, కొత్త జీతం, సెలవులు ఏ నిష్పత్తిలో వస్తాయి, కుటుంబానికి ఆరోగ్య బీమా కొనసాగుతుందా, పాత గంటలకూ పాత జీతానికీ ఏ తేదీన తిరిగి వెళ్తారు. చివరిది చాలా లెటర్లలో ఉండదు. "యాజమాన్యం నిర్ణయం ప్రకారం" అని ఉంటే తేదీ వేయమని అడగండి. ఇప్పటిదాకా చేసిన ఏళ్ళకు గ్రాట్యుటీని పాత బేసిక్ మీద లెక్కిస్తామని ఒక వాక్యం చేర్చమని కూడా అడగవచ్చు. వాళ్ళు ఒప్పుకోకపోతే, ఉద్యోగం మానే ఆలోచన వచ్చిన రోజున ముందు పూర్తి పనికి తిరిగి వెళ్ళి, పాత జీతం మళ్ళీ అందుకోవడం మొదలయ్యాకే రాజీనామా ఇవ్వండి.